ఏజెంటును తప్పించే ముందు స్టేట్‌మెంటు మీ చేతికి రావాలి

ప్రశ్న: మేమిద్దరం ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పని చేసి 2019లో పదవీ విరమణ చేశాము. వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని మా వారి పిన్నిగారి అబ్బాయి ద్వారా మ్యూచువల్ ఫండ్లలో పెట్టాము. రెండు ఎల్ఐసీ పాలసీలు కూడా ఆయన దగ్గర తీసుకున్నవే. ఎంత ఉందని అడిగితే తాను టైపు చేసిన కాగితం ఇస్తారు గాని కంపెనీ స్టేట్‌మెంటు ఎన్నడూ చూపలేదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకున్నారు, ఫోను నంబరు, మెయిల్ కూడా తనవే ఇచ్చినట్టున్నారు. ఇకమీదట మా వ్యవహారం మేమే చూసుకోవాలనుకుంటున్నాము. ఆయన ఒప్పుకోకపోయినా తప్పించవచ్చా? ఎక్కడ మొదలు పెట్టాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన ఒప్పుకోవలసిన అవసరం లేదు. మదుపుదారు తనకు ఫండ్లు ఇప్పించే ఏజెంటును, అంటే డిస్ట్రిబ్యూటరును, మార్చుకోవాలన్నా, ఎవరూ లేకుండా నేరుగా నడుపుకోవాలన్నా పాత డిస్ట్రిబ్యూటరు నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మని అడగకూడదని ఫండ్లను నియంత్రించే సెబీ 2009 డిసెంబరులోనే ఫండ్ కంపెనీలకు చెప్పింది. అయితే ఆయనకు చెప్పడం చివరి మెట్టు కావాలి, మొదటిది కాకూడదు. ఫోలియోలు అనే మీ ఫండ్ ఖాతాల్లో ఆయన నంబరే ఉంటే ప్రతి ఓటీపీ, ప్రతి స్టేట్‌మెంటు ఆయనకే చేరుతుంది. ఆ స్థితిలో ముందుగా మాట చెబితే మీ దగ్గర ఏ ఆధారమూ లేకుండా చెప్పినట్టవుతుంది. అందుచేత స్టేట్‌మెంటు తెచ్చుకోవడం, ఫోను, మెయిల్, బ్యాంకు వివరాలు సరిచేసుకోవడం, డిస్ట్రిబ్యూటరు కోడు తీయించడం, ఆ తర్వాతనే ఆయనకు ఉత్తరం ఇవ్వడం అనే వరుసను పాటించండి.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మీ డబ్బు ఆయన దగ్గర లేదు, ఫండ్ కంపెనీలో మీ పేరున యూనిట్ల రూపంలో ఉంది. ఆయన డిస్ట్రిబ్యూటరు మాత్రమే. ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ ఇచ్చిన ఏఆర్ఎన్ అనే నంబరుతో పని చేసి, కమీషన్ తీసుకునే మనిషి. మీ తరఫున కొనాలో అమ్మాలో నిర్ణయించే హక్కు డిస్ట్రిబ్యూటరుకు చట్టప్రకారం లేదు. ఉన్నట్టు కనిపించే అధికారమంతా మూడు చోట్ల నుంచి వస్తోంది: ఫోలియోలో నమోదైన ఆయన కోడు, ఫోలియోలో రాసిన ఆయన ఫోను నంబరు, మెయిల్, మీరు సంతకం చేసిచ్చిన కాగితాలు. ఈ మూడింటినీ విడివిడిగా వెనక్కి తీసుకోవాలి. ఒకదాన్ని తీసేస్తే మిగతావి వాటంతట అవే పోవు.

స్టేట్‌మెంటు సంగతి చూద్దాం. మన దేశంలో దాదాపు అన్ని ఫండ్ కంపెనీల ఖాతాలను క్యామ్స్, కేఫిన్‌టెక్ అనే రెండు రిజిస్ట్రారు సంస్థలు రాస్తుంటాయి. వీటిలో దేని వెబ్‌సైటులోనైనా మీ పాన్ నంబరు, మెయిల్ ఇచ్చి రెండు సంస్థల లెక్కలూ కలిసిన ఉమ్మడి స్టేట్‌మెంటు ఉచితంగా కోరవచ్చు. ఫారం నింపేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త అవసరం. స్టేట్‌మెంటు రకం అడిగినచోట "Summary" కాకుండా "Detailed" ఎంచుకోండి. కాలపరిమితి అడిగినచోట మీరు మొట్టమొదట డబ్బు పెట్టిన నెల నుంచి ఈ రోజు వరకు తేదీలు ఇవ్వండి. ఫోలియోల గురించి అడిగినచోట "With zero balance folios" అన్నది ఎంచుకోండి. ఈ చివరి మాట చిన్నదిగా కనిపించినా చాలా ముఖ్యం. ఎప్పుడో పూర్తిగా అమ్మేసి ఖాళీ అయిన ఫోలియోలు మామూలు స్టేట్‌మెంటులో కనబడవు, మీకు తెలియకుండా ఏదైనా జరిగి ఉంటే అది ఎక్కువగా కనిపించేది వాటిలోనే. ఈ స్టేట్‌మెంటు మొదటి పేరు గల వ్యక్తి పాన్ మీద వస్తుంది గనుక మీ పాన్‌తో ఒకటి, మీ వారి పాన్‌తో ఒకటి వేరువేరుగా తెప్పించుకోండి.

ఇక్కడే మీకు అడ్డంకి రావచ్చు. ఆ స్టేట్‌మెంటు ఫోలియోలో నమోదైన మెయిల్‌కు మాత్రమే వెళ్తుంది. మీ మెయిల్ ఇచ్చి ప్రయత్నించినా ఏమీ రాకపోతే ఫోలియోలో ఉన్నది మరొకరి మెయిల్ అని అనుకోవాలి. అప్పుడు వెబ్‌సైటుతో కుస్తీ పట్టకుండా పాన్ కార్డు, ఆధార్ కార్డు అసలు ప్రతులు, నకళ్ళు తీసుకుని క్యామ్స్, కేఫిన్‌టెక్ సేవా కేంద్రాలకు మీరిద్దరూ స్వయంగా వెళ్ళండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇవి ఉన్నాయి, మీరు విజయవాడ వెళ్ళిరావడం తేలిక. ఫోలియో నంబర్లు తెలియకపోయినా ఫరవాలేదు, పాన్ నంబరు ఉంటే మీ పేరున ఉన్నవన్నీ వెతకగలరు. ఫోను, మెయిల్ మార్పు ఫారం అక్కడే నింపి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఆ ఫారంలో ఇచ్చిన నంబరు ఎవరిదో, మీదా, భార్యదా లేక భర్తదా, ఆధారపడిన పిల్లలదా అని అడిగే గడి ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు నంబరు పెట్టుకునే వీలు ఆ గడిలో లేదు, కనుక మార్పు అడగడానికి కారణం చెప్పుకోవలసిన పని కూడా లేదు. మీ ఇద్దరికీ వేరువేరు మెయిల్ ఉంటే మంచిది, లేకుంటే ఒకటే ఇద్దరికీ ఇచ్చి భార్యాభర్తలమని గడిలో గుర్తు పెట్టవచ్చు.

అదే రోజు ప్రతి ఫోలియోలో నమోదైన బ్యాంకు ఖాతా ఏదో కూడా అడిగి రాసుకోండి. యూనిట్లు అమ్మిన డబ్బు ఫోలియోలో ఉన్న బ్యాంకు ఖాతాకే పోతుంది గనుక, అది మీ పింఛను ఖాతానో మీకు తెలిసిన మరో ఖాతానో అయితే సగం భయం తీరినట్టే. మీకు గుర్తులేని ఖాతా ఏదైనా అక్కడ కనిపిస్తే మాత్రం కేంద్రం నుంచి కదలకుండానే లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి.

స్టేట్‌మెంటు చేతికి వచ్చాక చదివే తీరు చెబుతాను. ప్రతి పథకం పేరు దగ్గర "Advisor: ARN-" అని, ఆ పక్కన అంకెలు ఉంటాయి. అదే ఆయన కోడు. ఏ మధ్యవర్తీ లేని ఫోలియోలో ఆ చోట "DIRECT" అని ఉంటుంది. మీ ఫోలియోల్లో ఒకటి కంటే ఎక్కువ ఏఆర్ఎన్ నంబర్లు కనిపిస్తే మీ బంధువు మరొకరి కింద పని చేస్తున్నారో, మధ్యలో కోడు మారిందో తెలుసుకోవాలి. తర్వాత తేదీల వారీగా లావాదేవీల వరుస వస్తుంది: కొన్నది, అమ్మినది, ఒక పథకం నుంచి మరొక పథకానికి మార్చినది. చివరన యూనిట్ల నిల్వ, ఎన్ఏవీ అనే ఆ రోజు యూనిటు ధర, ఈ రెండింటినీ గుణించగా వచ్చిన విలువ ఉంటాయి.

ఒక పథకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నిల్వ 4,812.356 యూనిట్లు, ఎన్ఏవీ 83.12 రూపాయలు అని ఉంటే విలువ దాదాపు 4,00,003 రూపాయలు. మీ బంధువు ఇచ్చిన కాగితంలో అదే పథకానికి 4,60,000 అని ఉందనుకోండి. వెంటనే మోసం అనుకోకండి. ఆ కాగితం మార్కెట్ ఎక్కువగా ఉన్న రోజున టైపు చేసినది కావచ్చు. అందుకే విలువలను కాక యూనిట్లను పోల్చాలి. ఎన్ఏవీ రోజూ మారుతుంది గాని మీరు కొనకుండా, అమ్మకుండా యూనిట్ల సంఖ్య మారదు. ఆయన కాగితంలో యూనిట్లు రాయకుండా రూపాయలే రాసి ఉంటే, ఏ తేదీ ధరతో లెక్కించారో ఆయననే అడగాలి. యూనిట్లే తగ్గి ఉంటే, తగ్గిన తేదీన స్టేట్‌మెంటులో "Redemption" అని ఉందా, "Switch Out" అని ఉందా చూడండి. మొదటిదైతే ఆ తేదీ తర్వాత కొద్దిరోజుల్లో మీ పాస్‌బుక్కులో డబ్బు జమ అయి ఉండాలి. రెండవదైతే అదే రోజున అదే ఫండ్ కంపెనీకి చెందిన మరొక పథకంలో "Switch In" అని కనిపించాలి.

దీనికంటే ముఖ్యమైన పోలిక మరొకటి ఉంది, దాన్ని మాత్రం వదలకండి. 2019 నుంచి మీ బ్యాంకు పాస్‌బుక్కులు ముందు పెట్టుకుని, పెట్టుబడి కోసం ఖాతా నుంచి వెళ్ళిన ప్రతి మొత్తానికీ స్టేట్‌మెంటులో "Purchase" అనే వరుస ఉందో లేదో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోండి. మ్యూచువల్ ఫండు డబ్బు మీ ఖాతా నుంచి ఫండ్ కంపెనీ పేరుకే వెళ్ళాలి, డిస్ట్రిబ్యూటరు సొంత ఖాతాకు వెళ్ళడానికి వీల్లేదు. పాస్‌బుక్కులో ఆయన పేరునో, ఆయన సంస్థ పేరునో పోయిన మొత్తం ఉండి, దానికి జోడీ అయిన వరుస స్టేట్‌మెంటులో లేకపోతే, అది వివరణతో సరిపెట్టుకునే విషయం కాదు. ఆ పాస్‌బుక్కు పేజీ, స్టేట్‌మెంటు నకలు కలిపి పోలీసులకు ఫిర్యాదు చేయవలసిన విషయం. బంధుత్వం చూసి ఇక్కడ ఆలస్యం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మార్చి నెలాఖరుకు, సెప్టెంబరు నెలాఖరుకు ముగిసే ఆరునెలల ఉమ్మడి స్టేట్‌మెంటులో మీ పెట్టుబడుల మీద డిస్ట్రిబ్యూటరుకు ఎంత కమీషన్ ముట్టిందో రూపాయల్లో చూపాలన్న నిబంధన 2016 అక్టోబరు నుంచి ఉంది. మెయిల్ మారిన తర్వాత ఈ కాగితం మీకే వస్తుంది. ఆయన తీసుకునేది తప్పుడు డబ్బు అని నేను అనడం లేదు, అది ఆ వృత్తికి లభించే ప్రతిఫలం. కాని ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వడం మీ హక్కు.

ఇక కోడు తీయించడం. ప్రతి ఫండ్ కంపెనీకీ ఫోలియో నంబర్లు పేర్కొంటూ, నమోదైన ఏఆర్ఎన్‌ను తొలగించి "DIRECT" అని గుర్తించమని, ఖాతాదారులందరి సంతకాలతో విడివిడిగా ఉత్తరం ఇవ్వాలి. రిజిస్ట్రారు కేంద్రాల్లోనే వీటిని తీసుకుంటారు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కోడు తీసినంత మాత్రాన డిస్ట్రిబ్యూటరు ద్వారా కొన్న మీ రెగ్యులర్ ప్లాన్ యూనిట్లు డైరెక్ట్ ప్లాన్ యూనిట్లుగా మారవు. ఖర్చులు తక్కువగా ఉండే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి వచ్చాయి, వాటిలోకి వెళ్ళాలంటే స్విచ్ చేయాలి. ఆదాయపు పన్ను దృష్టిలో స్విచ్ అంటే పాతది అమ్మి కొత్తది కొనడమే. కోపంలో అన్నింటినీ ఒకే రోజు మార్చేస్తే అవసరం లేని పన్ను, కొన్నిచోట్ల గడువుకు ముందే బయటికి వచ్చినందుకు కోసే ఎగ్జిట్ లోడ్ కట్టవలసి వస్తుంది.

పై ఉదాహరణనే మళ్ళీ చూద్దాం. 2022లో ఒకేసారి 2,50,000 పెట్టిన, షేర్లలో మదుపు చేసే ఈక్విటీ పథకం ఇప్పుడు 4,00,000 అయిందనుకుంటే లాభం 1,50,000. ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ ఫండ్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1,25,000 దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన ఉన్న దాని మీద 12.5 శాతం. ఒకేరోజు అంతా మారిస్తే 25,000 మీద 3,125 రూపాయలు, దానిపై 4 శాతం సెస్సు 125, మొత్తం 3,250 అవుతుంది. సగం యూనిట్లు మార్చి 31 లోపు, మిగతా సగం ఏప్రిల్ 1 తర్వాత మారిస్తే, ధర పెద్దగా కదలకుండా ఉండి, మీకు ఇలాంటి లాభం మరెక్కడా లేకపోతే, ఏడాదికి 75,000 చొప్పున పడి పన్నే ఉండదు. మీకు పథకాలు ఎక్కువగా ఉంటే రెండు మూడు ఆర్థిక సంవత్సరాలకు విడగొట్టుకోవచ్చు. బాండ్ల వంటి అప్పు పత్రాల్లో పెట్టే డెట్ ఫండ్ల లెక్క వేరు. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న వాటి లాభం మీ మామూలు ఆదాయంలో కలిసిపోతుంది గనుక, ఆ వరుసలను వేరుచేసి మీ రిటర్ను వేసే ఆడిటరుకు చూపి నిర్ణయించుకోండి. పన్ను ఆదా చేసే ఈఎల్ఎస్ఎస్ యూనిట్లను మూడేళ్ళు నిండేవరకు మార్చడానికి కుదరదు.

డైరెక్టుకు వెళ్ళడం అందరికీ తప్పనిసరి కాదని కూడా చెప్పాలి. నెలకొకసారి స్టేట్‌మెంటు తెరిచి చదువుకునే ఓపిక మీ ఇద్దరిలో ఒకరికి ఉంటే డైరెక్టే మేలు. లేదనుకుంటే కోడు తీసిన తర్వాత, సెబీలో నమోదై రుసుము తీసుకుని సలహా ఇచ్చే పెట్టుబడి సలహాదారును చూసుకోండి. అటువంటివారి నమోదు నంబరు INA అనే అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఏఆర్ఎన్ మాత్రమే ఉన్నవారు తమను సలహాదారులమని చెప్పుకోకూడదు.

మూడవది సంతకాల సంగతి. ఖాళీ లావాదేవీ ఫారాలు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు, మీ పేరున ఆయన తెరిచిన వెబ్‌సైటు లాగిన్లు ఏవేమి ఉన్నాయో మీ ఇద్దరూ కూర్చుని గుర్తుచేసుకుని రాయండి. చెక్కులకు వెంటనే బ్యాంకులో నంబర్లు చెప్పి చెల్లింపు ఆపించాలి. నెలనెలా పెట్టే సిప్‌ల కోసం ఇచ్చిన ఆటో డెబిట్ మాండేట్లు బ్యాంకులో వేరుగా నమోదై ఉంటాయి. ఫండ్ కంపెనీలో సిప్ ఆపినా మాండేటు బతికే ఉంటుంది, పైగా దానిలో పరిమితి నెలవారీ వాయిదాకంటే చాలా ఎక్కువగా రాసి ఉండవచ్చు. బ్యాంకు శాఖలో జాబితా అడిగి, అక్కరలేని వాటిని రద్దు చేయించండి. నడుస్తున్న సిప్‌లు పాత కోడుతోనే సాగుతాయి గనుక వాటిని ఆపి డైరెక్టులో కొత్తగా మొదలుపెట్టాలి. ఖాళీ ఫారాలను ఆయన తిరిగి ఇస్తారో లేదో మన చేతిలో లేదు. కాని నంబరు, మెయిల్, బ్యాంకు ఖాతా మీవైన తర్వాత వాటితో ఏ లావాదేవీ జరిగినా సమాచారం మీకే వస్తుంది, డబ్బు మీ ఖాతాకే వస్తుంది. మార్పులన్నీ ముందు, ఉత్తరం తర్వాత అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆయనకు ఇచ్చే ఉత్తరం మర్యాదగా, పొట్టిగా, తేదీతో ఉండాలి. నిందలు, అనుమానాలు అందులో రాయకండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"శ్రీ ... గారికి, మా పెట్టుబడుల వ్యవహారాన్ని ఇకపై మేమే స్వయంగా చూసుకోదలచాము. మా ఫోలియోల నుంచి మీ ఏఆర్ఎన్ కోడు తొలగించవలసిందిగా సంబంధిత సంస్థలను కోరి ఉన్నాము. ఈ తేదీ నుంచి మా తరఫున కొనుగోలు, అమ్మకం, మార్పిడి, వివరాల సవరణ ఏదీ చేయడానికి మీకు మా అనుమతి లేదు. మేము సంతకం చేసి ఇచ్చిన ఫారాలు, చెక్కులు, పాలసీ బాండ్లు, మా పేరున ఉన్న లాగిన్ వివరాలు పదిహేను రోజుల్లోగా మాకు అందజేయగలరు. ఇంతకాలం మీరు చేసిన సహాయానికి కృతజ్ఞతలు."

ఇద్దరూ సంతకం చేసి, ఒక ప్రతిని స్పీడ్ పోస్టులో రసీదుతో పంపండి. ఇంటికి పిలిచి చేతికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కాని పోస్టులో కూడా పంపండి. "నా మీద నమ్మకం లేదా వదినా?" అని ఆయన అడగవచ్చు. "మా లెక్క మేము నేర్చుకుంటున్నాం నాయనా" అంటే చాలు, అంతకుమించి వాదనలోకి దిగకండి.

ఎల్ఐసీ పాలసీల విషయం వేరు. అక్కడ ఏజెంటు కోడు మీ కోరిక మీద తొలగిపోదు, ప్రీమియం మీద ఆయనకు రావలసిన కమీషన్ నిబంధనల ప్రకారం వస్తూనే ఉంటుంది. కాని పాలసీ మీద ఆయనకు ఏ అధికారమూ ఉండదు. పాలసీ నడుస్తున్న శాఖకు వెళ్ళి స్టేటస్ రిపోర్టు అడగండి. అందులో ప్రీమియం ఎంతవరకు కట్టారు, పాలసీ మీద అప్పు ఉందా, పాలసీ హక్కుల బదిలీ, అంటే అసైన్‌మెంట్, ఎవరి పేరునైనా జరిగిందా, నామినీ ఎవరు, చెల్లింపుకు ఏ బ్యాంకు ఖాతా నమోదైంది అన్నవి చూడాలి. ఆయనకు నగదు ఇచ్చి ప్రీమియం కట్టించుకునే అలవాటు ఉంటే నేడే మానండి. హర్షద్ షా కేసులో పాలసీదారు ఏజెంటుకు ప్రీమియం చెక్కు ఇచ్చాడు, అది ఎల్ఐసీకి జమ కాకముందే ప్రమాదంలో మరణించాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు గనుక అతనికి ఇచ్చినది ఎల్ఐసీకి ఇచ్చినట్టు కాదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. శాఖ కౌంటరులో గాని, ఎల్ఐసీ వెబ్‌సైటులో గాని మీరే కట్టండి.

ఎక్కడైనా పని ఆగితే, ఫండ్ల విషయంలో ముందు ఆ ఫండ్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తేలకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో నమోదు చేయండి. సంస్థ 21 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాలసీల విషయంలో ఎల్ఐసీకి, తర్వాత బీమా భరోసా పోర్టల్‌కు లేదా 155255 నంబరుకు, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఏ మెట్టు దగ్గరైనా మొదట అడిగేది మీరు ఇచ్చిన ఉత్తరం నకలు, దాని మీద ముద్ర, తేదీ. కనుక సేవా కేంద్రంలో ఇచ్చిన ప్రతి కాగితానికీ రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.